ఇంగ్లీషు మీదుగా వచ్చిన రష్యన్ కథ: రెండంచెల అనువాదంలో దోషసంచయం

రష్యన్ సాహిత్యం తెలుగు పాఠకునికి చేరిన దారి ప్రధానంగా ఇంగ్లీషు మీదుగానే సాగింది. ఈ విషయం అందరికీ తెలిసినదే. అయితే ఆ దారి వల్ల కలిగిన నష్టం స్వరూపాన్ని గురించి స్థిరపడిన అభిప్రాయం ఒకటి పునఃపరిశీలించదగినదిగా కనిపిస్తుంది. అనువాదానికి అనువాదం కాబట్టి మొదటి అంచెలో కొంత, రెండవ అంచెలో మరికొంత పోతుందనీ, ఆ రెండింటి మొత్తమే తెలుగులో కనబడే లోపమనీ సాధారణంగా భావిస్తారు. పాఠాలను దగ్గరపెట్టుకొని చూస్తే ఈ లెక్క సరిపోదు. రష్యన్‌కూ తెలుగుకూ రెంటికీ ఉండి, మధ్యనున్న ఇంగ్లీషుకు మాత్రమే లేని భాషాభేదాలు కొన్ని ఉన్నాయి. నేరుగా అనువదిస్తే చెక్కుచెదరకుండా రావలసినవి అవి. రెండంచెల దారిలో మొదట పోయేవి అవే. పోయినచోట ఖాళీ కూడా మిగలదు. తెలుగు వ్యాకరణం ఆ ఖాళీని ఊరుకోనివ్వదు కనుక, అనువాదకుడు ఏదో ఒకటి ఊహించి నింపుతాడు. ఆ ఊహే పాఠకునికి మూలంగా అందుతుంది.

ముందుగా చరిత్ర కొంత. మక్సీమ్ గోర్కీ ‘అమ్మ’ నవలను క్రొవ్విడి లింగరాజు 1930వ దశకంలో తెలుగు చేశారు. ఆ నవల పాఠచరిత్ర విచిత్రమైనది. 1905 విప్లవం అణగారిన తరువాత దేశం విడిచి అమెరికా వెళ్ళిన గోర్కీ అక్కడ ఉండగా చేపట్టిన రచన అది. దాని తొలి ప్రచురణ రష్యన్‌లో కాక ఇంగ్లీషులో, 1906 చివర నుంచి న్యూయార్క్‌లోని యాపిల్టన్స్ మ్యాగజైన్‌లో ధారావాహికగా జరిగింది. రష్యన్ పాఠం 1907లో బెర్లిన్‌లో వెలువడింది. రష్యా లోపల వెలువడినది సెన్సారు కత్తెర పడిన పాఠం. ఆ తరువాత గోర్కీ ఈ నవలను పలుమార్లు సవరించి, 1920వ దశకం ఆరంభంలో తుదిరూపం ఇచ్చాడు. ఇప్పుడు రష్యన్‌లో చదువుతున్నది ఆ తుదిరూపమే. తొలి ఇంగ్లీషు పాఠం మాత్రం రచయిత సవరణలకు ముందటిది. అంటే ఇంగ్లీషును ఆధారం చేసుకున్న అనువాదకుడు ఒక భాషను మాత్రమే కాక, ఒక పాఠాంతరాన్ని కూడా తనకు తెలియకుండానే ఎంచుకున్నట్లవుతుంది. అలాంటి అనువాదాన్ని నేటి రష్యన్ ముద్రణతో పోల్చి, తేడా కనబడిన ప్రతిచోటా తెలుగు అనువాదకుడు వదిలివేశాడనో కలిపాడనో తీర్పు చెప్పడం న్యాయం కాదు. కొన్ని తేడాలకు కారకుడు గోర్కీయే.

రెండవ దశ మాస్కోది. విదేశీ భాషా ప్రచురణాలయమూ, 1963 నుంచి దాని స్థానంలో నిలిచిన ప్రగతి ప్రచురణాలయమూ, 1982 తరువాత సాహిత్య గ్రంథాల కోసం ప్రత్యేకంగా ఏర్పడిన రాదుగ ప్రచురణాలయమూ తెలుగు పుస్తకాలను అచ్చువేశాయి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు అక్కడ నివసించి పనిచేశారు. అక్కడ ఉన్న సౌకర్యం వేరు. సందేహం వస్తే అడగడానికి రష్యన్లు పక్కనే ఉన్నారు. వారిలో తెలుగు నేర్చిన పండితులూ ఉన్నారు. 1972లో మాస్కోలో తెలుగు–రష్యన్ నిఘంటువు వెలువడిందంటే ఆ తెలుగు అధ్యయనం ఏపాటిదో ఊహించవచ్చు. రాచమల్లు ‘అనువాద సమస్యలు’ గ్రంథం వెనుక ఉన్నది ఆ మాస్కో అనుభవమే. అందువల్ల మాస్కో ముద్రణలనూ, ఇక్కడ ఇంగ్లీషు పుస్తకం ఒక్కటే ఎదుట పెట్టుకొని చేసిన అనువాదాలనూ ఒకే గాట కట్టరాదు.

నష్టాన్ని కొలిచే ముందు ఏ నష్టం ఎవరి ఖాతాలో వేయాలో తేల్చుకోవాలి. తెలుగులో ‘మనం’, ‘మేము’ అనే భేదం ఉంది. రష్యన్‌కు లేదు, ఇంగ్లీషుకూ లేదు. రష్యన్ నుంచి నేరుగా అనువదించేవాడైనా సందర్భాన్ని బట్టి ఒకదాన్ని ఎంచుకోవలసిందే. అక్కడ పొరపాటు జరిగితే ఇంగ్లీషును నిందించి ప్రయోజనం లేదు. ‘వాడు, అతను, ఆయన’ల సంగతీ అంతే. రష్యన్‌లో ప్రథమపురుష పుంలింగ సర్వనామం ఒక్కటే. అన్నదమ్ములలో పెద్దచిన్నల భేదం కూడా రష్యన్ బంధువాచకంలో ఇమిడి ఉండదు, విశేషణంతో చెప్పుకోవాలి. రెండంచెల దారికే ప్రత్యేకమైన దోషం ఏదంటే, మూలంలో ఉండి, తెలుగులో చోటుండి, మధ్యలో మాయమైనది. దీనికి స్పష్టమైన ఉదాహరణ మధ్యమపురుష సర్వనామం. రష్యన్‌లో ‘తి’ అంటే నువ్వు. ‘వి’ అంటే మీరు. ‘మీరు’ లాగే ‘వి’ కూడా బహువచనమూ, గౌరవ ఏకవచనమూ. క్రియ కూడా దానికి తగ్గట్టు మారుతుంది. చనువు, దూరం, వయసు, కోపం, అంతస్తు వీటన్నిటినీ ఆ రెండు మాటల మధ్య నడిపే తీరులో రెండు భాషలకూ చాలా పోలిక ఉంది. పుష్కిన్ ఈ రెండు సర్వనామాల పేర్లనే శీర్షికగా పెట్టి 1828లో ఒక కవిత రాశాడు. దాని పేరు ‘నువ్వు, మీరు’ అని తెలుగు చేయడానికి ఏ ప్రయాసా లేదు. ఆధునిక ఇంగ్లీషులో మాత్రం రెంటికీ ‘యూ’ ఒక్కటే. అందుకే ఇంగ్లీషు అనువాదకులు ఆ శీర్షికకు వాడుకలో లేని ‘దౌ’ను తవ్వి తీయవలసి వచ్చింది.

ఈ ఒక్క భేదం పోతే ఒక కథకు ఏమవుతుందో చెహోవ్ 1899లో ప్రచురించిన ‘కుక్కపిల్లతో ఉన్న మహిళ’లో చూడవచ్చు. భారతదేశంలో చెహోవ్‌ను చదివిన తరాలకు సుపరిచితమైన ఇంగ్లీషు పాఠం కాన్‌స్టన్స్ గార్నెట్‌ది. ఈ కథ ఉన్న ఆమె సంపుటం 1917లో వెలువడింది. కథ తెలిసినదే. మాస్కోలో ఉద్యోగి, వివాహితుడు గూరొవ్. భర్తను ఊళ్ళో వదిలి యాల్టాకు విశ్రాంతికి వచ్చిన యువతి ఆన్నా సెర్గేయెవ్నా. పరిచయమైన కొత్తలో ఇద్దరూ ఒకరినొకరు ‘మీరు’ అనుకుంటారు. ఓడరేవులో జనం చెదిరిపోయాక ఆమె గదికి వెళదామని అడిగేటప్పుడు కూడా గూరొవ్ వాడినది బహువచన క్రియే. గదిలో, అంతా జరిగిన తరువాత, ఆమె పశ్చాత్తాపంతో మాట్లాడుతుంది. ఇక తనను మొట్టమొదట గౌరవించనిది అతడేనని అంటుంది. ఆ మాట అనేటప్పుడు ఆమె నోట ఉన్నది ‘మీరు’. అతడు జవాబు చెప్పేటప్పుడు, గౌరవం ఎందుకు పోతుందని అడుగుతూ, ‘నువ్వు’లోకి దిగుతాడు. గౌరవాన్ని గురించిన సంభాషణలోనే గౌరవవాచకం జారిపోవడం చెహోవ్ ఏ వ్యాఖ్యానమూ చేయకుండా చూపిన విషయం. ఆమె మాత్రం రైలుస్టేషనులో వీడ్కోలు చెప్పేవరకూ ‘మీరు’ వదలదు.

తరువాతి మలుపు ఆమె ఊరి నాటకశాలలో వస్తుంది. ఆమెను మరవలేక వెతుక్కుంటూ వెళ్ళిన గూరొవ్, మెట్లమీద తడబడుతూ అర్థం చేసుకొమ్మని వేడుకుంటాడు. అక్కడ అతడు మళ్ళీ ‘మీరు’ అంటాడు. యాల్టాలో అంత సులువుగా వచ్చిన ‘నువ్వు’ ఇప్పుడు అతని నోట రాదు. అది చనువు తగ్గడం కాదు. ఆమెను తొలిసారి తనతో సమానమైన మనిషిగా చూడడం అని ఆ సర్వనామం చెబుతుంది. ఆమె కూడా ‘మీరు’తోనే, మాస్కోకు తానే వస్తానని మాట ఇస్తుంది. చివరి ఘట్టం మాస్కోలో ‘స్లవ్యాన్‌స్కీ బజార్’ హోటలు గది. అక్కడ విశేషాలేమిటని అతడు అడిగేది ఏకవచనంలో. ఏడుపు ఆపుకోలేక కాస్త ఆగమని ఆమె చెప్పే క్రియ కూడా ఏకవచనమే. కథలో ఆమె అతణ్ణి ‘నువ్వు’ అనడం మనకు వినిపించేది ఇక్కడే. వెంటనే కథకుడు వారిద్దరూ భార్యాభర్తల్లా, ఆప్తమిత్రుల్లా ప్రేమించుకున్నారని చెప్పే మాటకు రుజువు అప్పటికే ఒక చిన్న క్రియారూపంలో వచ్చేసింది.

గార్నెట్ పాఠంలో ఈ నాలుగు మజిలీలూ ‘యూ’ అనే ఒకే మట్టానికి వచ్చాయి. ఇది ఆమె అశ్రద్ధ కాదు, ఆమె భాషకు ఉన్న హద్దు. ఇంగ్లీషు పాఠకుడు ఒక ఛాయను కోల్పోయాడు, అంతే. ఆ పాఠాన్ని ఎదుట పెట్టుకున్న తెలుగు అనువాదకుని స్థితి వేరు. అతడు ప్రతి వాక్యంలోనూ ఎంచుకోక తప్పదు. దేనిని ఎంచుకుంటాడు? సహజంగా తన సమాజంలోని మర్యాదనే ఆశ్రయిస్తాడు. పురుషుడు స్త్రీని ‘నువ్వు’ అంటాడు, స్త్రీ పురుషుణ్ణి ‘మీరు’ అంటుంది. విచిత్రమేమిటంటే, యాల్టా గదిలో ఈ ఊహ మూలంతో అక్షరాలా సరిపోతుంది. అక్కడ నిజంగానే అతడు ‘నువ్వు’, ఆమె ‘మీరు’. అందువల్ల ఎవరైనా ఒక పేరాను నమూనాగా తీసి మూలంతో సరిచూస్తే అనువాదం నిర్దోషంగా కనబడుతుంది. అదే పద్ధతి కథ చివరివరకూ సాగినప్పుడు నాటకశాలలో అతని ‘మీరు’ పోతుంది, హోటలు గదిలో ఆమె ‘నువ్వు’ పోతుంది. కథ గమనమే ఆ రెండు మార్పులలో ఉంది. తెలుగు పాఠకుని ఎదుట నిలిచేది, మొదటి రోజు నుంచి చివరి రోజు వరకూ తన ఇంటి మర్యాద తప్పని ఒక జంట. మొదటి అంచె భేదాన్ని చెరిపింది. రెండవ అంచె చెరిపినచోట మరొక అర్థాన్ని రాసింది. వీటిని రెండు లోపాలుగా కూడితే లెక్క తేలదు. రెండవది మొదటిదాన్ని కప్పిపుచ్చింది కనుక, తెలుగును ఇంగ్లీషుతో ఎంత జాగ్రత్తగా పోల్చినా తప్పు దొరకదు.

వస్తువాచకాలలో దోషం మరొక తీరున పెరుగుతుంది. చెహోవ్ 1897 నాటి ‘రైతులు’ కథను చూడవచ్చు. అందులో మాస్కో నుంచి జబ్బుతో స్వగ్రామానికి తిరిగివచ్చే నికొలాయ్ అదే ‘స్లవ్యాన్‌స్కీ బజార్’లో వెయిటరుగా పనిచేసినవాడు కావడం ఆసక్తికరం. పై కథలోని ప్రేమికులు తలుపులు మూసుకున్న హోటలును వడ్డించేవాడి వైపునుంచి చూపిన కథ ఇది. నికొలాయ్ చేరుకున్నది ఒక ‘ఇజ్బా’. అంటే దుంగలను ఒకదానిపై ఒకటి పేర్చి కట్టిన రైతు ఇల్లు. అది పేదవాడిది కావచ్చు, కలిగినవాడిది కావచ్చు. ఇంగ్లీషులో దానికి తరచు వాడే మాట ‘హట్’. అది స్థాయిని కొంత దించింది. ‘హట్’ తెలుగులో ‘గుడిసె’ అయినప్పుడు ఇంకొంత దిగింది. మట్టిగోడలూ తాటాకుల కప్పూ వచ్చి చేరాయి. ‘రైతులు’ కథలోని ఇంటికి, అక్కడి దారిద్ర్యం వల్ల, ‘గుడిసె’ ఒప్పినట్లే తోస్తుంది. కానీ అదే మాటను తాల్‌స్తోయ్ కథలోని కలిగిన రైతు ఇంటికి కూడా వాడితే పల్లెలోని తరగతి భేదం చెదిరిపోతుంది.

ఆ ఇంట్లో అడుగుపెట్టగానే కనిపించేది ‘పేచ్’. దాని మీద ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె స్నానం లేక, ఏమీ పట్టనట్టు కూర్చొని ఉంటుంది. రష్యన్ ‘పేచ్’ ఇటుకలతో కట్టిన పెద్ద కట్టడం. వంట దానిలోనే, చలికాలంలో ఇంటికి వెచ్చదనం దాని వల్లనే. పైభాగం వెడల్పుగా ఉండి ముసలివారూ పిల్లలూ పడుకోవడానికి పనికివస్తుంది. ఇంగ్లీషులో అది ‘స్టౌ’ అయింది. రష్యన్ నవలలకు అలవాటుపడిన ఇంగ్లీషు పాఠకుడు ఆ మాటను సర్దుకొని చదువుకుంటాడు. తెలుగులో ‘పొయ్యి’ అనగానే మూడు రాళ్ళ మధ్య నిప్పు కనబడుతుంది. పిల్ల పొయ్యి మీద కూర్చుంది, ముసలివాడు పొయ్యి మీద పడుకున్నాడు అనే వాక్యాలు అప్పుడు వింతగానో భయంకరంగానో మారతాయి. కొంతలో కొంత మేలేమిటంటే ఈ దోషం తనను తాను బయటపెట్టుకుంటుంది. అసంభవంగా కనబడిన వాక్యం దగ్గర పాఠకుడు ఆగుతాడు. సర్వనామం దగ్గర ఎవరూ ఆగరు.

బంధువాచకాలలో జరిగిన నష్టం అన్నిటికంటే అనవసరమైనది. రష్యన్ పల్లె కుటుంబానికీ తెలుగు కుటుంబానికీ పదసంపదలో ఉన్న చుట్టరికం ఇంగ్లీషుకు తెలియదు. భర్త అక్కచెల్లెలు ‘జలోవ్క’, అంటే మన ఆడబిడ్డ. భార్య సోదరుడు ‘షూరిన్’, అంటే బావమరిది. భార్య అక్కచెల్లెలి భర్త ‘స్వయాక్’, అంటే తోడల్లుడు. కొడుకు మామగారో కూతురి మామగారో అయితే ‘స్వాత్’, అంటే వియ్యంకుడు. భర్త సోదరుణ్ణి చెప్పే ‘దేవిర్’ సంస్కృత ‘దేవర’కు సజాతీయమే. వీటిలో మొదటి నాలుగింటికీ తెలుగులో మాట సిద్ధంగా ఉంది. ఇంగ్లీషులో ‘బ్రదర్ ఇన్ లా’, ‘సిస్టర్ ఇన్ లా’ అనే రెండు గంపలలో చాలావరకు పడిపోతాయి. వియ్యంకుడికి అక్కడ మాటే లేదు, వర్ణించి చెప్పాలి. ఆ గంపలలోంచి తెలుగు అనువాదకుడు మళ్ళీ ఏరుకోవాలి. ‘సిస్టర్ ఇన్ లా’ను వదిన అనాలా, మరదలు అనాలా, ఆడబిడ్డ అనాలా, తోడికోడలు అనాలా అన్నది కథంతా చదివి వంశవృక్షం గీసుకుంటే గాని తేలదు. ‘రైతులు’లో నికొలాయ్ భార్య ఓల్గా, అతని సోదరుల భార్యలు మార్యా, ఫ్యోక్లా ఒకే కప్పు కింద బతుకుతారు. ఆ ముగ్గురూ తోడికోడళ్ళు. ఆ ఒక్క మాట పడితే వారి మధ్య అసూయ, ఓర్పు, జాలి తెలుగు పాఠకునికి వివరణ లేకుండా అందుతాయి. అదే ‘వదిన’ అనో ‘మరదలు’ అనో పడితే సంబంధం పురుషుని వైపు నుంచి చూసినట్లవుతుంది.

వాక్యనిర్మాణంలోనూ ఇదే కథ. అతడు డాక్టరు అని చెప్పడానికి రష్యన్‌లో, తెలుగులో లాగే, వర్తమానకాలంలో క్రియ అక్కరలేదు. చలి వేస్తోందనడానికి రష్యన్ వాక్యం ‘నాకు’తో సమానమైన విభక్తితో మొదలవుతుంది. ఇల్లు, పిల్లలు, డబ్బు ఉన్నాయని చెప్పేటప్పుడు మనిషి కర్త కాడు, ఉన్న వస్తువే కర్త. ‘నాకు నిద్ర పట్టడం లేదు’ అన్న వాక్యానికి రష్యన్‌లో దాదాపు అచ్చంగా సరిపోయే నిర్మాణం ఉంది. అందులో నిద్ర మనిషి చేసే పని కాదు, మనిషికి రావలసినది. ఇంగ్లీషు ఇక్కడ ‘ఐ’ని కర్తగా నిలబెడుతుంది. దాన్ని తెలుగు చేసేటప్పుడు ‘నేను నిద్రపోలేను’ అనే వాక్యం వస్తే అర్థమే మారింది. నిద్రపట్టని బాధ పోయి, నిద్రపోవడానికి నిరాకరణ వచ్చింది. ‘అతడు ఇద్దరు కొడుకులను కలిగి ఉన్నాడు’ వంటి వాక్యాలు అనువాదాలలో కనబడితే, అవి రష్యన్ శైలి కృతకత్వమని విమర్శకులు పొరబడే ప్రమాదం ఉంది. ఆ కృతకత్వం రష్యన్‌ది కాదు.

పేర్లు ఆ దారికి పైకి కనబడే ముద్ర. రష్యన్ త, ద ధ్వనులు దంత్యాలు, తెలుగు త, దలకు దగ్గరివి. ఇంగ్లీషు ‘టి’, ‘డి’లను తెలుగువారు ట, డలుగా వింటారు. కనుక ‘టాల్‌స్టాయ్’లోని రెండు టకారాలూ, ‘డాస్టొవిస్కీ’లోని డకారమూ ఆ పేరు ఏ దారిన వచ్చిందో చెబుతాయి. ‘లేవ్’ అన్న పేరు ‘లియో’ కావడమూ అంతే. చెహోవ్ పేరులో రెండు సంప్రదాయాలు ఢీకొన్నాయి. ఆ పేరు మధ్యలో ఉన్నది హకారానికి దగ్గరగా ఉండే ఊష్మధ్వని. ఇంగ్లీషువారు దాన్ని కె, హెచ్ అక్షరాలతో రాశారు. మన దేశభాషల లిప్యంతరీకరణలో ఆ జంట ‘ఖ’కు గుర్తు. అలా ఒక పద్ధతిలో రాసినదాన్ని మరొక పద్ధతిలో చదవడం వల్ల ‘చెఖోవ్’ పుట్టింది. ఇది చిన్న విషయమే అయినా, పుస్తకానికి ఆధారం ఏదో చెప్పని పాత ముద్రణలలో పరిశోధకునికి తొలి ఆచూకీ ఇదే. పేర్లలో దంత్యాలు నిలకడగా ఉన్నాయా లేదా అని చూస్తే, కనీసం లిప్యంతరీకరణ దగ్గరైనా రష్యన్ తెలిసినవారి చేయి పడిందో లేదో తెలుస్తుంది.

ఎదురుదారిలో, అంటే తెలుగు నుంచి ఇంగ్లీషు మీదుగా రష్యన్‌కు వెళ్ళేటప్పుడు, మేనరికం ఒక్కటి చాలు. మేనమామ కూతురు ఇంగ్లీషులో ‘కజిన్’ అవుతుంది. రష్యన్‌లో ‘కజిన్’కు మామూలు పర్యాయం ‘ద్వయూరద్నయ సిస్త్రా’. ఆ మాటలో ‘సిస్త్రా’ అంటే సోదరి. తెలుగు కథలో పెద్దలు మురిసిపోతూ చేసిన పెళ్ళి రష్యన్ పాఠకునికి సోదరిని పెళ్ళాడినట్లుగా వినబడుతుంది. తెలుగు తెలిసి నేరుగా చేసేవాడు తల్లి సోదరుని కూతురు అని విడమరచి రాయగలడు. ఎందుకంటే ‘మరదలు’ అన్న మాట అతని ఎదుట ఉంది. ఇంగ్లీషు చూసి చేసేవానికి ఆమె మేనమామ కూతురో, పినతండ్రి కూతురో తెలిసే వీలు లేదు. తెలుగులో మొదటిది పెళ్ళికి అర్హమైన వరస, రెండవది చెల్లెలి వరస.

పాత అనువాదాలను పునర్ముద్రించేటప్పుడు ఈ దోషాలన్నిటినీ ఒకే శ్రమతో సరిచేయలేము. ఇజ్బా, పేచ్ వంటివాటికి పల్లెజీవితం తెలియాలి, బంధువాచకాలకు కథనంతా మళ్ళీ విప్పుకోవాలి. సర్వనామాల విషయంలో మాత్రం పని తేలిక. రష్యన్ లిపి నేర్చి, ‘తి’, ‘వి’ల విభక్తిరూపాలనూ వాటితో వచ్చే క్రియాంతాలనూ గుర్తుపట్టగలిగినవారు, సంభాషణలున్న పుటలను మూలంలో వెదకి, ప్రతి పలుకు పక్కన ఏకవచనమో బహువచనమో గుర్తు పెట్టుకోవచ్చు. ఆ గుర్తులను తెలుగు పాఠం పక్కన పెట్టి చూస్తే, ఎక్కడ అనువాదకుడు మూలాన్ని అనుసరించాడో, ఎక్కడ తన ఊరి మర్యాదను అనుసరించాడో వరుసగా కనబడుతుంది. ‘కుక్కపిల్లతో ఉన్న మహిళ’ వంటి కథకు ఆ పని ఒక పూటలో పూర్తవుతుంది.